గల్ఫ్ కుటుంబాల వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు: ఆ అరబిక్ చిత్రాన్ని పూర్తిగా చదివించాకే పంపండి

హైదరాబాదులో గల్ఫ్ కార్మికుల కుటుంబాల కోసం వాట్సాప్ గ్రూపులు నడుపుతున్న పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

మెహిదీపట్నంలో అరబిక్ పత్రాల అనువాదం నా వృత్తి. కఫీల్ రాయించిన ఒప్పందాలు, ఆసుపత్రి కాగితాలు, కోర్టు నోటీసులు తెచ్చి, ఇందులో ఏముందో తెలుగులో చెప్పమని అడుగుతుంటారు. ఈమధ్య చాలామంది కాగితాలకు బదులు ఫోన్లు తెస్తున్నారు. వాటిలో ఉన్నది ఒకే చిత్రం. పైన ఖర్జూరపు చెట్టు, దాని కింద అడ్డంగా రెండు కత్తులు, ఆ కింద ఆకుపచ్చ పట్టీ మీద అరబిక్ అక్షరాలు. చిత్రం అడుగున ఎవరో తెలుగులో ఇలా రాశారు: "సౌదీలో క్షమాభిక్ష ప్రకటించారు. జులై 1 నుంచి 9 రోజులు మాత్రమే. అకామా లేని మనవాళ్లందరూ జరిమానా లేకుండా ఇంటికి రావచ్చు, టికెట్ ఉచితం. ప్రతి తెలుగువారికీ చేరేవరకు పంపండి."

మీ గ్రూపుల ద్వారానే ఇది వందల ఇళ్లకు చేరింది. మీరు మంచి ఉద్దేశంతోనే పంపారని నాకు తెలుసు. అయినా ఈ సందేశం ఒక మనిషిని ఎక్కడికి నడిపించగలదో ముందు చెప్పాలి. నా దగ్గరకు వచ్చిన ఒక చెల్లెలి భర్త రియాద్‌లో ఖల్లివెల్లిగా ఉన్నాడు. కఫీల్ హురూబ్ పెట్టాడు, పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే ఉండిపోయింది. ఈ చిత్రం చూసి ఆయన పని మానేసి తర్హీల్‌కు వెళ్లి లొంగిపోవడానికి సిద్ధపడ్డాడు. అక్కడి ఒక మధ్యవర్తి "క్షమాభిక్షలో పేరు రాయిస్తాను" అని డబ్బు కూడా అడిగాడు. నిజంగా గడువు ఇచ్చినప్పుడు లొంగిపోవడం వేరు, మామూలు రోజుల్లో లొంగిపోవడం వేరు. మామూలు రోజుల్లో అయితే నిర్బంధం, జరిమానా, దేశం నుంచి పంపివేత, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధం ఉంటాయి. అందుకే ఆ చిత్రాన్ని ఆమె ముందే కూర్చుని అక్షరం అక్షరం చదివాను. ఎలా చదివానో, ఏం తేలిందో మీకు వివరంగా చెప్పడానికే ఈ లేఖ.

మొదట చేసిన పని చిత్రాన్ని, తెలుగు రాతను విడదీయడం. చిత్రం ఒకరు చేసినది, దాని కింది మాటలు వేరొకరు రాసినవి. మనకు అరబిక్ రాదు కాబట్టి మన కళ్లు తెలుగు మీదే ఆగుతాయి, పైనున్న చిత్రం దానికి సాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ అదే చిత్రం కింద రేపు మరొకరు మరో మాట రాసి పంపవచ్చు. సందేశం పైన రెండు బాణాల గుర్తు కూడా ఉంది. కనీసం అయిదు చేతులు మారిన సందేశానికే వాట్సాప్ ఆ గుర్తు పెడుతుంది. అంటే మీకు పంపినవారిని అడిగినా ఇది ఎక్కడిదో వారికి తెలిసే అవకాశం చాలా తక్కువ.

తర్వాత ఏ దేశానిదో చూశాను. ఖర్జూరపు చెట్టు, రెండు కత్తులు సౌదీ అధికార చిహ్నం. కువైట్, ఎమిరేట్స్ చిహ్నాల్లో డేగ ఉంటుంది. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే చిత్రాన్ని "కువైట్‌లో క్షమాభిక్ష" అని మార్చి పంపిన కాపీ కూడా ఒకటి నా కంటపడింది. ఒక దేశం ఇచ్చిన గడువు పక్క దేశంలో ఉన్నవారికి ఏ విధంగానూ పనికిరాదు.

ఇక అసలు రాత. నేను వెంటనే అనువాదం మొదలుపెట్టను. ముందు చిత్రంలో ఉన్నది ఉన్నట్టు వరుస వరుసగా కాగితం మీద ఎత్తి రాసుకుంటాను. చదవడానికి వీలుకాని చోట ఖాళీ వదిలి, "ఇక్కడ చదవడం కుదరలేదు" అని రాస్తాను, ఊహించి నింపను. పదే పదే పంపిన చిత్రం ప్రతిసారీ కొంత మసకబారుతుంది. అరబిక్‌లో చాలా అక్షరాలకు తేడా చుక్కలతోనే తెలుస్తుంది కాబట్టి, మసకబారినప్పుడు ముందుగా పోయేది కూడా ఆ చుక్కలే.

ఈ చిత్రంలో పెద్ద తప్పు ఒక చుక్క దగ్గరే జరిగింది. అరబిక్ అంకెల్లో సున్నాను గుండ్రంగా రాయరు, చిన్న చుక్క పెడతారు. గుండ్రంగా సున్నాలా కనిపించేది అయిదు. చిత్రంలో గడువు ఎన్ని రోజులో చెప్పే చోట తొమ్మిది అంకె స్పష్టంగా ఉంది, దాని పక్కన మరక ఉందో లేదో తెలియనంత మసక. తెలుగులో రాసినాయన దాన్ని 9 అనుకున్నాడు. "9 రోజులు మాత్రమే" అన్న తొందర అంతా అందులోంచే పుట్టింది.

అది 9 కాదని అంకెను చూడకుండానే చెప్పవచ్చు. అరబిక్ వ్యాకరణంలో 3 నుంచి 10 వరకు ఉన్న సంఖ్యల తర్వాత వస్తువును బహువచనంలో చెబుతారు. 11 నుంచి 99 వరకు ఏకవచనంలోనే చెబుతారు. తొమ్మిది రోజులు అయితే పక్కన "అయ్యామ్" అని ఉండాలి. తొంభై రోజులు అయితే "యౌమన్" అని ఉండాలి. చిత్రంలో స్పష్టంగా "యౌమన్" అనే ఉంది. కాబట్టి అక్కడ ఉన్నది 90, దాని సున్నా మసకలో కలిసిపోయింది.

ఆ తర్వాత తేదీ. తేదీ 1/7 అనే ఉంది, అందులో తప్పు లేదు. గల్ఫ్‌లో కొన్నాళ్లు ఉండి వచ్చినవారు బండ్ల నంబర్లు, ధరలు చూసి చూసి అంకెలు గుర్తుపట్టగలరు. అలాంటివారే ఎవరో దీన్ని జులై 1 అని చదివి ఉంటారు. కానీ ఆ అంకెల పక్కన ఇంకొక సంఖ్య ఉంది, 1438. దాని వెనుక "హా" అనే ఒంటరి అక్షరం ఉంది. ఆ అక్షరం హిజ్రీ సంవత్సరానికి గుర్తు. మన క్యాలెండరు తేదీ అయితే "మీమ్" అనే అక్షరం పెడతారు. హిజ్రీలో ఏడో నెల రజబ్. అంటే ఇది 1438 రజబ్ ఒకటో తేదీ, మన లెక్కలో 2017 మార్చి 29.

ఈ లెక్క చూడటానికి అనువాదకుడే అక్కర్లేదు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం దాదాపుగా వస్తుంది. 1438కి అలా చేస్తే 2016.9 వస్తుంది, అంటే 2016 చివర లేదా 2017 మొదలు. కచ్చితమైన రోజుకు మాత్రం సౌదీ ప్రభుత్వ క్యాలెండరు చూడాలి, ఎందుకంటే నెలవంక లెక్కలో మనకూ వాళ్లకూ ఒక రోజు తేడా రావచ్చు. ఇప్పుడు ఏ హిజ్రీ సంవత్సరం నడుస్తోందో తెలుసుకోవడం మన నగరంలో ఇంకా తేలిక. ఇక్కడి ఏ ఉర్దూ దినపత్రికలోనైనా మొదటి పేజీ పైభాగం చూస్తే చాలు. ఆ ఒక్క సంఖ్యను పోల్చి చూసి ఉంటే ఈ చిత్రం ఏళ్ల కిందటిదని అక్కడికక్కడే తెలిసిపోయేది.

ఇక పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న మాట "వతన్ బిలా ముఖాలిఫ్". హైదరాబాదులో ఉర్దూ చదవగలిగినవారు ఎందరో ఉన్నారు. లిపి ఒకటే కాబట్టి అరబిక్ చిత్రం వస్తే వారిని అడగడం మనకు అలవాటు. ఉర్దూలో ముఖాలిఫ్ అంటే వ్యతిరేకి, ప్రత్యర్థి. ఆ లెక్కన ఈ మాటకు "వ్యతిరేకులు లేని దేశం" అని అర్థం వస్తుంది, ఒక గ్రూపులో దాన్ని అలాగే చెప్పి భయపెట్టారు కూడా. సౌదీ ప్రభుత్వ భాషలో ఆ మాటకు నియమాలు ఉల్లంఘించినవాడని అర్థం. కింది వరుసలోనే వివరం ఉంది: నివాసం, పని, సరిహద్దు భద్రత నిబంధనలను ఉల్లంఘించినవారు. ఉర్దూ చదివే మిత్రుడి సాయం అడగడంలో తప్పేమీ లేదు, కానీ ఆయన లిపిని చదివిపెట్టగలరు కాబట్టి ఆధునిక అరబిక్ ప్రభుత్వ ప్రకటన అర్థం కూడా చెప్పగలరని అనుకోవద్దు. ఫోను కెమెరాతో అనువాదం చేసుకుంటే మరో చిక్కు వస్తుంది. సౌదీలో చట్టాలను, నిబంధనలను "అన్‌జిమా" అంటారు. ఫోను దాన్ని వ్యవస్థలు అని చూపుతుంది, అప్పుడు వాక్యానికి తలాతోకా ఉండదు.

చిత్రంలో క్షమాభిక్ష అనే మాటే లేదు. ఉన్నవి "ముహ్లా", అంటే గడువు, "ఇఅఫా", అంటే మినహాయింపు. దేని నుంచి మినహాయింపో కూడా రాసి ఉంది: జరిమానాల నుంచి, "బస్మత్ మురహ్హల్" వల్ల వచ్చే పర్యవసానాల నుంచి. బస్మా అంటే వేలిముద్ర అని మీకు తెలుసు. దేశం నుంచి పంపివేసేటప్పుడు తీసుకునే వేలిముద్ర మనిషిని మళ్లీ రానివ్వదు. ఆ గడువులో స్వయంగా వెళ్లిపోయినవారికి ఆ అడ్డంకి ఉండదని ఈ మాట చెబుతోంది. టికెట్ ఉచితమని ఎక్కడా లేదు. అది తెలుగులో రాసినవారు కలిపిన మాట. ఉన్నచోటనే అకామా సరిచేసుకోవచ్చని కూడా లేదు. 2013లో సౌదీ ఇచ్చిన గడువులో పత్రాలు సరిచేసుకుని అక్కడే ఉండే వీలుండేది. 2017లో ఇచ్చింది వెళ్లిపోవడానికి. రెండూ మన జనం నోట్లో "క్షమాభిక్ష" అయిపోవడంతో, ఒకదాని ఆశ మరొకదానికి అంటుకుంటోంది.

చివరి వరుస గురించి మీరు కొంచెం ఓపికగా వినాలి. చిత్రం కుడి అంచు కొద్దిగా కోసుకుపోయింది. మనం ఎడమ నుంచి చదివేవాళ్లం కాబట్టి కుడివైపు కాస్త పోయినా వాక్యం చివర ఒక మాట పోయిందిలే అనుకుంటాం. అరబిక్‌లో కుడివైపే వాక్యం మొదలు. పైగా "కాదు, లేదు" అనే అర్థమిచ్చే "లా" క్రియకు ముందే వస్తుంది, అంటే అటువంటి వాక్యంలో సరిగ్గా కుడి అంచునే ఉంటుంది. అక్కడ ఒక వేలెడు వెడల్పు పోతే "వర్తించదు" కాస్తా "వర్తిస్తుంది" అయిపోతుంది, మిగిలిన వాక్యం చూడటానికి తప్పు లేకుండానే ఉంటుంది. మన చిత్రంలో మిగిలిన మాటలకు "కేసులు ఉన్నవారికి వర్తిస్తుంది" అనే అర్థం వచ్చింది. నాకు అనుమానం వచ్చి మొదట ఖాళీ వదిలాను. తర్వాత కోయని కాపీ దొరికింది. అందులో "లా" ఉంది. క్రిమినల్ కేసు ఉన్న మనిషి ఆ కోసిన చిత్రాన్ని నమ్మి అధికారుల ముందుకు వెళ్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

అనువాదం అంతటితో అయింది, నిజమో కాదో తేల్చడం ఇంకా మిగిలే ఉంది. కోయని కాపీ కోసం చిత్రంతోనే వెతికాను. గూగుల్ లెన్స్‌లో చిత్రం పెడితే అది ఇంతకుముందు ఎక్కడెక్కడ కనిపించిందో చూపుతుంది, ఈ నినాదంతో 2017 నాటి వార్తలు అలాగే బయటపడ్డాయి. ఆ ఏడాది మార్చి 29 నుంచి 90 రోజుల గడువుతో సౌదీ ప్రభుత్వం ఇదే పేరుతో కార్యక్రమం నడిపింది, తర్వాత కొంత పొడిగించింది కూడా. నేను చిత్రంలో చదివిన తేదీ, రోజుల సంఖ్య, పేరు మూడూ దానితో సరిపోయాయి. అయితే పాత కాపీ దొరకలేదంటే చిత్రం కొత్తదని అర్థం కాదు. రంగు మార్చినా, అంచులు కోసినా, మీద మరో ముద్ర వేసినా వెతుకులాటకు దొరక్కపోవచ్చు.

అందుకే రెండోవైపు నుంచి కూడా చూశాను: ఇప్పుడు అలాంటి గడువు ఏదైనా ఉందా? సౌదీ ప్రభుత్వ నిర్ణయమైతే వారి ప్రభుత్వ వార్తా సంస్థలో, అక్కడి హోంశాఖ లేదా జవాజాత్ ప్రకటనల్లో ఉండాలి. మనకు ఇంకా దగ్గర దారి రియాద్‌లోని భారత రాయబార కార్యాలయం, జెద్దాలోని కాన్సులేట్. ఆలోచించండి, గడువు ఇస్తే వెళ్లేవారిలో ఎందరికో చేతిలో పాస్‌పోర్టు ఉండదు. వారికి ఔట్‌పాస్ ఇవ్వాల్సింది మన రాయబార కార్యాలయమే. ఎక్కడ దరఖాస్తు ఇవ్వాలో, ఏ రోజుల్లో రావాలో అది చెప్పక తప్పదు. కాబట్టి నిజమైన గడువు రాయబార కార్యాలయానికి తెలియకుండా, అది ఒక్క ప్రకటన కూడా చేయకుండా జరిగిపోయేది కాదు. నేను చూసిన రోజున ఆ రెండు చోట్లా ఇటువంటి ప్రకటన ఏదీ లేదు.

తేలిందేమిటంటే, చిత్రంలోని సమాచారం ఒకనాటి నిజం, దాని కింది సందేశం తప్పు. ఈ రెండింటినీ విడిగా చెప్పాలి. కొన్ని గ్రూపుల్లో అప్పుడే "ఇది ఫేక్" అని రాసి ఊరుకున్నారు. అది కూడా ప్రమాదమే. గల్ఫ్ దేశాలు అప్పుడప్పుడు నిజంగానే గడువులు ఇస్తాయి. కువైట్ 2024 మార్చి 17 నుంచి ఇచ్చింది. ఎమిరేట్స్ అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 31 వరకు ఇచ్చి, తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించింది. ఇలాంటి చిత్రాలన్నీ ఫేకే అని మన మనసులో పడిపోతే, నిజమైనది వచ్చిన రోజున ఇంటికి చేరవలసిన మనిషి ఆ అవకాశం పోగొట్టుకుంటాడు. పొడిగింపు ప్రకటన మొదటి ప్రకటనలాగే కనిపిస్తుంది, "తమ్‌దీద్" అన్న ఒక్క మాట ఎక్కువ ఉంటుంది, తేదీ మారుతుంది. కాబట్టి ఈ చిత్రం మాకు తెలిసిందే అనుకుని చదవకుండా తోసెయ్యడం కూడా కుదరదు.

నేను మిమ్మల్ని కోరేది ఇది. అరబిక్ రాత ఉన్న చిత్రం ఏది వచ్చినా అడ్మిన్లు ముందు దాన్ని ఆపండి. ఒక పూట ఆలస్యమైతే నిజమైన గడువు కూడా దాటిపోదు, అవి వారాల్లో, నెలల్లో ఉంటాయి. ఈ నగరంలో అరబిక్ తెలిసినవారికి కొదవ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఇఫ్లూలో అరబిక్ విభాగాలు ఉన్నాయి. వారిని "ఇది నిజమేనా" అని అడగకండి. చిత్రంలో ఉన్న ప్రతి వరుసనూ, చిన్న అక్షరాలతో సహా చదివి చెప్పమనండి, చదవలేని చోటు ఎక్కడో చూపమనండి, తేదీ ఏ క్యాలెండరులోదో అడగండి. నిజమా కాదా అన్నది తేల్చడానికి రాయబార కార్యాలయం ప్రకటనలు చూడండి. తెలుగులో వచ్చే ఫార్వర్డులను పరిశీలించే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ మన హైదరాబాదువే, వాటికి పంపండి. ఆ తర్వాత చిత్రంతో పాటు వారు చదివి చెప్పినది కూడా గ్రూపులో పెట్టండి. చిత్రం ఒక్కటే ఎప్పుడూ పెట్టకండి.

ఇప్పటికే పంపిన దాని సంగతి కూడా ఉంది. అడ్మిన్‌గా మీరు గ్రూపులో దాన్ని తొలగించగలరు, కానీ అక్కడి నుంచి వేరే గ్రూపులకు, రియాద్, దమ్మామ్‌లలో ఉన్నవారి ఫోన్లకు వెళ్లిన కాపీలు పోవు. అందుకని తొలగించి ఊరుకోకుండా ఈ మాటలు పెట్టండి, ఇలాగే తీసుకోవచ్చు:

"ఖర్జూరపు చెట్టు, రెండు కత్తులు, ఆకుపచ్చ పట్టీ ఉన్న అరబిక్ చిత్రం సౌదీలో 2017 మార్చి 29న మొదలైన 90 రోజుల గడువు గురించినది. ఆ గడువు ఎప్పుడో ముగిసింది. జులై 1, 9 రోజులు, ఉచిత టికెట్ అన్న మాటలు చిత్రంలో లేవు. కేసులు ఉన్నవారికి అది అప్పుడు కూడా వర్తించలేదు. దీన్ని నమ్మి ఎవరూ తర్హీల్‌కు వెళ్లవద్దు, ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు. కొత్త గడువు వస్తే రియాద్‌లోని భారత రాయబార కార్యాలయం చెబుతుంది."

దీన్ని రాసి పెట్టడంతో పాటు మీ గొంతుతో చదివి కూడా పంపండి. అక్కడున్న మనవాళ్లలో తెలుగు చదవడం సరిగా రానివారు ఉన్నారు, తీరిక లేనివారు ఇంకా ఎక్కువ. వారు పనిచేసే చోట చేతులు ఖాళీ లేకపోయినా మాట వినగలరు. ఇంతకుముందు చెప్పిన చెల్లెలు నా ముందే భర్తకు ఫోను చేసి ఆగమని చెప్పింది. ఆయన ఆగాడు, మధ్యవర్తికి డబ్బు ఇవ్వలేదు. మీ గ్రూపుల్లో ఖల్లివెల్లిగా ఉన్నవారి ఇళ్లు ఏవో మీకు పేరుపేరునా తెలుసు. ఆ ఇళ్లకు ఈ వారమే ఫోను చేయండి.

ఇట్లు,
ఒక అరబిక్ అనువాదకుడు,
మెహిదీపట్నం, హైదరాబాదు